క్లాస్ టీచర్‌కు బదిలీ అయింది, సభలో నువ్వు మాట్లాడాలి: ఒక్క సాయంత్రంలో ఎలా సిద్ధం కావాలి?

బదిలీ ఆర్డర్ వచ్చిందంటే అంతా గబగబా జరిగిపోతుంది. రాత్రి లిస్టు వస్తుంది, పొద్దున ప్రార్థనలో హెచ్‌ఎం సార్ చెబుతారు, మరునాడు మధ్యాహ్న భోజనాలయ్యాక వీడ్కోలు సభ, ఆ మరునాడే మేడమ్ కొత్త బడిలో జాయిన్ అవుతారు. హనుమకొండ, పరకాల, నర్సంపేట చుట్టుపక్కల జడ్పీ హైస్కూళ్లలో చాలాసార్లు ఇదే వరస. ఈ హడావుడిలో ఎవరో వచ్చి "తొమ్మిదో తరగతి తరఫున నువ్వు మాట్లాడు" అని వెళ్లిపోతారు. నీ చేతిలో ఉండేది ఒక్క సాయంత్రం. ఆ ఒక్క సాయంత్రంలో అయ్యే పని మాత్రమే ఇక్కడ చెబుతాను.

ముందు, ఇది ఏ సభో తెలుసుకో

పెన్ను పట్టే ముందు ఒక మాట. ఇది రిటైర్మెంట్ సభ కాదు. మేడమ్ ఉద్యోగం మానడం లేదు, ఇంకో ఊరి పిల్లలకు పాఠం చెప్పడానికి వెళ్తున్నారు. కాబట్టి "విశ్రాంత జీవితం", "సుదీర్ఘ సేవలు" లాంటివి ఇక్కడ పనికిరావు. పాత ఉపన్యాసం ఒకటి ఎవరి దగ్గరో తీసుకుని పేరు మార్చి చదివేవాళ్లు సరిగ్గా ఇక్కడే దొరికిపోతారు.

ఇంకో చిక్కు క్రియలతో వస్తుంది. "మేడమ్ చాలా ఓపికగా ఉండేవారు, మమ్మల్ని ఎంతో ప్రేమగా చూసేవారు" అని రాస్తే, ఎదురుగా కుర్చీలో కూర్చున్న మనిషి గురించి సంతాప సభలో మాట్లాడినట్టు ఉంటుంది. "మేడమ్ ఓపికగా చెప్తారు, తప్పు చేస్తే ఇలా దిద్దుతారు" అని రాయి. ఎప్పుడో జరిగిన సంఘటనకు భూతకాలం సరే, ఆవిడ అలవాటుకు మాత్రం వర్తమానమే వాడు. మేడమ్ రేపు కొత్త బడిలో కూడా అలాగే దిద్దుతారు కదా.

మూడో విషయం: "మమ్మల్ని వదిలి వెళ్లొద్దు మేడమ్" అని అడగకు. మన దగ్గర 2023లో వచ్చిన బదిలీ నిబంధనల ప్రకారం ఒకే బడిలో ఎనిమిదేళ్లు నిండిన టీచర్‌కు బదిలీ తప్పనిసరి. ఆవిడ అడిగి వెళ్తున్నా, తప్పక వెళ్తున్నా, ఆ మాటకు మైకు ముందు ఆవిడ దగ్గర జవాబు ఉండదు. తలదించుకుని కళ్లు తుడుచుకోవడం తప్ప ఏమీ చేయలేరు. పంపిస్తున్నట్టు మాట్లాడు, ఆపుతున్నట్టు కాదు.

ఉపన్యాసం రాయకు, ముందు ఏరుకో

ఒక రఫ్ పేజీ తీసుకుని మేడమ్ గురించి గుర్తొచ్చినవన్నీ వరసా వాయీ లేకుండా రాయి. ఆవిడ తరచూ అనే మాట, బోర్డు మీద రాసే తీరు, కోపమొస్తే ఏం చేస్తారు, హాజరు ఎలా పిలుస్తారు, వాన పడ్డ రోజు క్లాసులో ఏం జరిగింది, నీకు తిట్టు పడ్డ రోజు, మెప్పు దొరికిన రోజు. పక్క బెంచీ వాళ్లనూ అడుగు. పావుగంట చాలు. వాక్యాలు అందంగా ఉండాల్సిన పని లేదు, "ఎర్ర పెన్ను, సున్న" అన్నంత ముక్కలుగా ఉన్నా ఫర్వాలేదు.

ఇప్పుడు ఒక్కో దాన్నీ పరీక్షించు. ఆ వాక్యంలో మీ మేడమ్‌ను తీసేసి సైన్స్ సార్‌ను పెట్టి చూడు. అప్పుడూ సరిపోతే కొట్టెయ్. "కన్నతల్లిలా చూసుకున్నారు", "చదువుతో పాటు సంస్కారం నేర్పారు", "కొవ్వొత్తిలా కరిగి వెలుగునిచ్చారు": ఇవన్నీ ఎవరికైనా సరిపోతాయి. అబద్ధాలని కాదు. మేడమ్ నిజంగానే తల్లిలా చూసుకుని ఉండొచ్చు. కానీ ఎలా చూసుకున్నారో చెప్పకుండా ఆ ఒక్క మాట అంటే వినేవాళ్ల చెవిన పడి జారిపోతుంది. గురువే బ్రహ్మ, గురువే విష్ణువు అన్న శ్లోకం కూడా అంతే. నీకంటే ముందు మాట్లాడినవాళ్లలో ఒకరైనా దాన్ని చదివే ఉంటారు.

ఈ వడపోత అయ్యాక పేజీలో రెండో మూడో మిగులుతాయి. వాటిలో ఒక్కటే ఎంచుకో. మిగతావి కూడా మంచివే కదా అనిపిస్తుంది, అయినా వదిలెయ్. మూడు నిమిషాల్లో మూడు సంఘటనలు చెబితే మూడూ పైపైన అయిపోతాయి. ఎంచుకునేటప్పుడు మేడమ్ గొప్పతనం కనిపించేదాని కంటే, మేడమ్ చేసిన పని కనిపించేదాన్ని తీసుకో. ఆ పని వల్ల నీలో ఏదో చిన్న మార్పు వచ్చి ఉంటే మరీ మంచిది.

ఒక ఉదాహరణతో చూద్దాం

హనుమకొండ జిల్లాలో ఒక పల్లె హైస్కూల్ అనుకో. తొమ్మిదో తరగతి అమ్మాయి, లెక్కలు చెప్పే క్లాస్ టీచర్. అమ్మాయి రఫ్ పేజీలో చాలా ఉన్నాయి: మేడమ్ ఏనాడూ సెలవు పెట్టరు, స్కూటీ మీద వస్తారు, "సమజైందా" అని ప్రతి మెట్టు దగ్గరా అడుగుతారు, ఆటల పోటీలకు వెంట వచ్చారు, తప్పు లెక్కను పూర్తిగా కొట్టెయ్యకుండా తప్పు మొదలైన చోట సున్న చుట్టి "ఇక్కడి నుంచి" అని రాస్తారు.

సెలవు పెట్టకపోవడం ఇంకో సార్‌కూ సరిపోతుంది. స్కూటీతో చెప్పడానికి కథ లేదు. "సమజైందా" నవ్వు తెప్పిస్తుంది కానీ ఒక్క మాటతో అయిపోతుంది. సున్న మాత్రం ఆ మేడమ్‌దే. క్లాసులో ప్రతి ఒక్కరి నోట్‌బుక్‌లో ఉంది, కాబట్టి విన్న ప్రతివాడూ "అవును కదా" అనుకుంటాడు. అమ్మాయి దాన్నే పట్టుకుంది. రాసింది ఇది:

"సభకు నమస్కారం. నేను తొమ్మిదో తరగతి తరఫున మాట్లాడుతున్న.

మేడమ్, మా అందరి లెక్కల నోట్స్‌లల్ల ఒక గుర్తు ఉంటది. ఎర్ర పెన్నుతోని చిన్న సున్న, పక్కన 'ఇక్కడి నుంచి' అని రెండు మాటలు. మీరు ఏ లెక్కనూ మొత్తం కొట్టెయ్యరు. తప్పు ఎక్కడ మొదలైందో అక్కడ సున్న చుట్టి నోట్స్ వాపస్ ఇస్తరు.

ఎనిమిదిల ఉన్నప్పుడు బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపలి గుర్తులు మార్చాలన్నది నాకు యాదికుండకపోయేది. ఒక్క లెక్క మీదనే నాలుగు సున్నలు పడ్డయి. ఐదోసారి నోట్స్ ఇయ్యాలంటే సిగ్గనిపించి, వేరేవాళ్ల నోట్స్ కింద పెట్టిన. మీరు దాన్నే ముందు తీసిండ్రు. చూసి, 'సున్న కిందికి దిగుతున్నది చూసినవా? మొదట రెండో లైన్ల ఉండె, ఇప్పుడు ఆరో లైన్లకు వచ్చింది. అంటే ఐదు లైన్లు నీకు వచ్చినట్టే గద బిడ్డా' అన్నరు.

అప్పటిదాక నేను లెక్క వస్తే వచ్చినట్టు, రాకుంటే రానట్టు అనుకున్న. సగం వచ్చుడు గూడ ఉంటదని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు మా తమ్ముని నోట్స్ చూస్తే నేను గూడ సున్ననే చుడుతున్న.

మేడమ్, మీరు పోయే బడిల పిల్లలకు మొదట్ల ఆ సున్నను చూస్తే భయమైతది. మాకు గూడ అయింది. మా దిక్కు నుంచి వాళ్లకు చెప్పుండ్రి, అది కిందికి దిగుతుంటే లెక్క వస్తున్నట్టే అని.

బహుపదుల పాఠం సగంల ఉన్నది. కొత్త టీచర్ వచ్చేదాక మిగిలిన లెక్కలు చేసి పెడతం, సున్నలు మేమే చుట్టుకుంటం. సద్దుల బతుకమ్మకు మా ఊరికి రండ్రి మేడమ్. నమస్తే."

గమనించావా, ఇందులో "గొప్ప టీచర్" అన్న మాట ఎక్కడా లేదు. "ఓపిక" అన్న మాట కూడా లేదు. నోట్స్‌ను కింద పెట్టడం, మేడమ్ దాన్నే ముందు తీయడం చాలు, ఓపిక అక్కడే కనిపిస్తుంది. చివర్లో ఇచ్చిన మాట కూడా చిన్నది, నిలబెట్టుకోగలిగేది. "మీ పేరు నిలబెడతాం, కలెక్టర్లం అవుతాం" అని అందరూ అంటారు. సగంలో ఆగిన పాఠం పూర్తి చేస్తామంటే మేడమ్‌కు అది నిజంగా అక్కరకొచ్చే కబురు. ఏ టీచరైనా మధ్యలో వెళ్లేటప్పుడు సిలబస్ గురించి లోపల కొంత బెంగ పెట్టుకునే వెళ్తారు.

నీ ఉపన్యాసం కూడా ఇదే దారిలో పోవచ్చు: నువ్వెవరు, మేడమ్ చేసే ఒక పని, అది నీ విషయంలో జరిగిన రోజు, దానితో నీలో వచ్చిన మార్పు, కొత్త బడికి ఒక కబురు, మీ క్లాసు ఇచ్చే ఒక మాట. ఇదే వరస కావాలని లేదు. సంఘటన మాత్రం మధ్యలో కాస్త నింపాదిగా ఉండాలి, దానికి ముందూ వెనకా ఉన్నవి పొట్టిగా ఉండాలి.

భాష గురించి. పై ఉపన్యాసం అమ్మాయి ఇంట్లో మాట్లాడే తీరులోనే ఉంది. పుస్తక భాషలో రాసి మైకు ముందు తడబడేవాళ్లు చాలామంది. "ఉపాధ్యాయురాలిగా తమరు అందించిన అమూల్య సేవలు" అని నోరు తిరగక ఆగిపోవడం కంటే "మీరు చెప్పిండ్రు" అనడం వెయ్యి రెట్లు నయం. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని మనం తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ ఒక్కరోజు స్టేజీ మీద మన మాటకు చప్పట్లు కొట్టి, మిగతా రోజులు అదే మాటకు సిగ్గుపడటం నాకైతే నచ్చదు. అయినా నీకు మామూలు రాత భాషే సులువుగా వస్తే అందులోనే రాసుకో. మేడమ్ అన్న మాటలను మాత్రం మార్చకు. ఆవిడ "సమజైందా" అంటే "అర్థమైందా" అని దిద్దకు.

మొదట్లో పేర్ల జాబితా చదవకు. ప్రధానోపాధ్యాయులు, వేదిక మీది పెద్దలు, ఉపాధ్యాయ బృందం, ప్రియ మిత్రులు అంటూ పోతే అర నిమిషం అక్కడే అయిపోతుంది. పైగా ఒక్కరి పేరు మరచిపోతే అదో తలనొప్పి. ఆ పని సభ నడిపే సార్ ఎలాగూ చేస్తారు.

మైకులో అనకూడనివి

ఈ భాగాన్ని కాస్త నిదానంగా చదువు. మేడమ్ మీద ప్రేమతోనే అని, మేడమ్‌ను ఇబ్బందిలో పెట్టే మాటలు కొన్ని ఉంటాయి.

అన్నిటికంటే ఎక్కువ వినిపించేది దెబ్బల ముచ్చట. "మేడమ్ కొడితే వాతలు తేలేవి, ఆ దెబ్బల వల్లే మేం బాగుపడ్డాం" అని నవ్వుతూ చెబుతారు. అందరూ నవ్వుతారు కూడా. కానీ 2009 విద్యాహక్కు చట్టం, 17వ సెక్షన్ ప్రకారం పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధం. అలా చేసిన వారిపై శాఖాపరమైన చర్యలు ఉంటాయి. ఎదురుగా ఎంఈఓ కూర్చుని ఉండొచ్చు, ఎవరో ఫోన్‌లో వీడియో తీస్తుండొచ్చు. ఆ క్లిప్ సాయంత్రానికి ఊరి గ్రూపులో ఉంటుంది. ట్యూషన్ మాట కూడా అంతే. అదే చట్టం 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదంటుంది. మేడమ్ సాయంత్రాలు బడిలోనే ఉండి ఊరికే చెప్పి ఉంటే "సాయంత్రం బడి అయ్యాక కూర్చోబెట్టి చెప్తారు" అను. "ట్యూషన్" అని మాత్రం అనకు.

రెండోది సాయం ముచ్చట. మేడమ్ ఎవరికో బస్ పాస్‌కు డబ్బులిచ్చారు, ఎవరికో బూట్లు కొన్నారు. చెప్పాలనిపించడం సహజమే. కానీ ఆ పిల్లో పిల్లవాడో కింద వరసలో కూర్చుని ఉంటారు. పేరు చెప్పకపోయినా నలుగురి తలలూ అటు తిరుగుతాయి. నీకు చేసిన సాయమైతే నీ ఇష్టం, ఇంకొకరిదైతే వదిలెయ్. ఎవరికీ తెలియకూడదనే మేడమ్ ఆ పని అలా చేసి ఉంటారు.

మూడోది పోలిక. "ఇలాంటి టీచర్ మాకు మళ్లీ రారు" అంటే పక్కన కూర్చున్న మిగతా టీచర్ల ముఖాలు చూడు. బదులు వచ్చిన కొత్త మేడమ్ ఆ సభలోనే ఉంటే మరీ కష్టం. ఆవిడకు అది మీ బడిలో మొదటి రోజు. "మీరు పోతే లెక్కల్లో మేమంతా ఫెయిలే" అన్నదీ అలాంటిదే. మెచ్చుకున్నట్టే ఉంటుంది కానీ, మేడమ్ నేర్పింది ఆవిడతోనే పోతుందని చెప్పినట్టు.

గట్టిగా చదువు, టైమ్ చూసుకో

రాసినదాన్ని మనసులో చదువుకుంటే ఏమీ తెలియదు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, నిలబడి, వాకిట్లో ఎవరో ఉన్నట్టు గట్టిగా చదువు. తెలుగు మాటలు పొడుగ్గా ఉంటాయి కాబట్టి సభలో నిదానంగా మాట్లాడితే నిమిషానికి వంద మాటల లోపే పోతాయి. పైన ఉన్న ఉపన్యాసం మధ్యలో ఆగినా మూడు నిమిషాలు దాటదు. నీది నాలుగు దాటితే కోత పెట్టు. కోత మొదటి పేరాతో మొదలుపెట్టు, సంఘటన జోలికి వెళ్లకు.

చదివేటప్పుడు ఊపిరి అందని వాక్యాలు రెండు మూడు తగులుతాయి. వాటిని రెండుగా విరువు. నాలుక మడతపడ్డ మాట ఉంటే మార్చెయ్, రేపు కూడా అక్కడే మడతపడుతుంది.

గొంతు పూడుకుపోయే చోటు కూడా ఇప్పుడే తెలుస్తుంది. సాధారణంగా అది సంఘటన దగ్గర రాదు. "మేడమ్, మీరు" అని నేరుగా ఆవిడ వైపు తిరిగి మాట్లాడే చోట వస్తుంది. ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో గీత పెట్టి, దాన్నొక్కదాన్నే పదిసార్లు పైకి చదువు. పదోసారికి అది మామూలు వాక్యం అయిపోతుంది. అయినా సభలో ఏడుపు వస్తే తప్పేం కాదు. ఆగు, మేడమ్ వైపు కాకుండా వెనక వరసలో ఎవరినైనా చూడు, ఊపిరి పూర్తిగా వదులు, ఆగిన వాక్యాన్ని మొదటి నుంచి చెప్పు. "సారీ" అనకు. ఒక కాపీ దోస్తు చేతిలో ఉంచితే ఇంకా ధైర్యం. అసలే మాట రాకపోతే వాళ్లు వచ్చి పక్కన నిలబడి పూర్తి చేస్తారు.

బట్టీ పట్టడం నేను చెప్పను. ఒక మాట జారితే మొత్తం జారిపోతుంది. పెద్ద అక్షరాలతో, ఒకవైపే రాసిన మందపాటి కాగితం పట్టుకుని వెళ్లు. పలచటి కాగితం చేతిలో వణికితే ఆ వణుకు చూసి నీకే టెన్షన్ పెరుగుతుంది. మొదటి వాక్యం, మేడమ్ అన్న మాట, చివరి వాక్యం మాత్రం కాగితం చూడకుండా వచ్చేలా చూసుకో.

సభ రోజు

ముందుగానే మిగతా క్లాసుల నుంచి మాట్లాడేవాళ్లను కలిసి ఎవరు ఏం చెబుతున్నారో అడుగు. రెండు నిమిషాల పని. ఇద్దరి దగ్గరా ఒకే సంఘటన ఉంటే ఒకరు మార్చుకోవచ్చు. అప్పటికీ నీ కంటే ముందు ఎవరో సున్న గురించి చెప్పేస్తే కంగారుపడకు. "వాళ్లు చెప్పిన సున్న నా నోట్స్‌ల ఎన్నిసార్లు పడ్డదో చెప్త" అని అక్కడి నుంచే అందుకో.

మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో ఉంచు. స్పీకర్ బాక్సు వైపు తిప్పితే కూత పెడుతుంది, అప్పుడు దానికి పక్కకు జరుగు. కరెంటు పోతే మైకు పక్కన పెట్టి నాలుగడుగులు ముందుకు వచ్చి, సగం వేగంతో మాట్లాడు. శాలువా, మెమెంటో కార్యక్రమం నీ మాటలకు ముందు ఉండేలా చూడమని సభ నడిపే సార్‌ను అడుగు. తర్వాత పెడితే ఫొటోల గోలలో నీ చివరి వాక్యం ఎవరికీ వినిపించదు.

ఒక్కోసారి సభే జరగదు. మేడమ్‌ను మధ్యాహ్నమే రిలీవ్ చేస్తారు, ఆవిడ చివరి పీరియడ్‌లో క్లాసుకు వచ్చి "నేను పోతున్న పిల్లలూ" అంటారు. అప్పుడు కాగితం తియ్యకు. లేచి నిలబడి సంఘటన, ఆ మీద ఇచ్చే మాట, ఈ రెండే చెప్పు: "మేడమ్, ఒక్క లెక్క మీద నాకు నాలుగు సున్నలు పడ్డయి, ఐదోసారి మీరు సున్న కిందికి దిగిందన్నరు. బహుపదులల్ల మిగిలిన లెక్కలు మేము పూర్తి చేస్తం." అర నిమిషం కూడా పట్టదు.